ఒక్క టీచరు, ఐదు తరగతులు, ఒకటే ఆటల పీరియడ్

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: కోనసీమ లంక గ్రామంలో ఏకోపాధ్యాయ ప్రాథమిక పాఠశాల టీచర్, హైస్కూల్ పీఈటీ మాస్టారు, స్కూల్ కమిటీలో ఉన్న ఒక తల్లి.)

యాంకర్: నమస్కారమండీ. టీచరుగారూ, సూటిగా అడిగేస్తున్నా. మీ స్కూల్లో పిల్లలెంతమంది, ఆటలు ఎలా ఆడిస్తున్నారు?

టీచర్: 19 మందండీ. ఒకటో తరగతి వాళ్లకి ఆరేళ్లు, ఐదో తరగతిలో ఒకడైతే నా భుజం దాకా వచ్చేశాడు. 40 నిమిషాల పీరియడు, చూసేది నేనొక్కదాన్నే. బంతి ఇచ్చి వదిలేస్తే ఐదు నిమిషాల్లో అది నలుగురు పెద్దాళ్ల చేతిలోకి పోతుంది, చిన్నాళ్లు అరుగెక్కి కూర్చుంటారు.

పీఈటీ: అసలు ప్రైమరీకి మాలాంటి వాళ్లు ఎలాగూ రారండీ. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో వ్యాయామానికి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ని పెట్టమన్నది ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ పిల్లలు వంద దాటితేనే. ఆట సామాను మాత్రం ప్రతి తరగతికీ ఇవ్వమంది. అంటే బంతి వస్తుంది, ఆడించే మనిషి రాడు.

యాంకర్: మరి అందరినీ కలిపి కబడ్డీయో ఖోఖోయో ఆడించేస్తే సరిపోదా?

పీఈటీ: కబడ్డీ వద్దండీ, కనీసం పట్టుకునే కబడ్డీ వద్దు. పిల్లల పోటీల్లో కూడా బరువు తూచాకే బరిలోకి దింపుతారు, ఇక్కడ ఇరవై కిలోలు కూడా లేనివాడి కాలు పెద్దాడు పట్టి లాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఖోఖోలో ఇంకో చిక్కు. తరిమే జట్టులో తొమ్మిది మంది, ఎనిమిది మంది కూర్చుంటారు, పరిగెత్తేది ఒక్కడే. చిన్నాడికి ఎవరూ ఖో ఇవ్వరు, వాడు పీరియడంతా మట్టిలో గీతలు గీసుకుంటుంటాడు.

తల్లి: నాదొక మాట. చిన్నాళ్లని పెద్దాళ్లకి జత చేస్తే బాగుంటుందని అందరూ అంటారు కదా, మా పెద్దమ్మాయి అలా ఏడాదంతా ఒకటో తరగతి పిల్ల చెయ్యి పట్టుకు తిరగడమే సరిపోయింది. ఇంట్లో తమ్ముణ్ణి చూసుకోవడం ఎలాగూ తప్పదు, స్కూల్లోనూ అదేనా?

టీచర్: నిజమేనమ్మా. జత చేస్తే ఆ పని ఆడపిల్లల మీదే పడుతుంది, మగపిల్లలు జారుకుంటారు. అందుకే నేను జతలు కట్టను. పీరియడ్‌కి కొత్త సంగతి ఒక్కటే, అదీ ఒక్క గుంపుకే చెప్తాను. మిగతా వాళ్లు అప్పటికే బాగా వచ్చిన ఆట ఆడుకుంటారు. రెండు గుంపులకీ కొత్తది చెప్పబోతే ఇటు తిరిగేసరికి అటు కొట్లాట మొదలవుతుంది.

యాంకర్: ఒక పీరియడ్ పూర్తిగా చెప్పండి, వింటాం.

టీచర్: మొదటి ఐదు నిమిషాలు అందరికీ ముట్టుకునే ఆట, ఒళ్లు వేడెక్కడానికి. తర్వాత పావుగంట మూడు, నాలుగు, ఐదు తరగతుల 12 మందీ ఖోఖో. ఆరుగురు తరుముతారు, ఆరుగురు తప్పించుకుంటారు, అది వాళ్లకి వచ్చిందే, తగాదా వస్తే తీర్చడానికి వాళ్లలో వాళ్లకే వంతులున్నాయి. నేను గోడకి వీపు పెట్టి నిలబడతా, రెండు గుంపులూ నా ముందే ఉండాలి. నా దగ్గర ఒకటి, రెండు తరగతుల ఏడుగురు. వాళ్లకి విసరడం నేర్పుతా.

పీఈటీ: ఇక్కడ ఒక్క మాట. ఆరేళ్ల పిల్లాడు కుడిచేత్తో విసిరేటప్పుడు కుడికాలే ముందుకేస్తాడు. దాంతో నడుము తిరగదు, బలమంతా మోచేతి దగ్గరే ఆగిపోతుంది. ఎడమకాలు ముందుకి రావాలి.

టీచర్: నోటితో చెప్తే వాళ్లకి ఎక్కదండీ. ముగ్గుతో నేలమీద ఎడమపాదం బొమ్మ వేస్తా, "దానిమీద కాలేసి విసురు" అంటా, అంతే. ఎడమచేతి వాటం పిల్లకి కుడిపాదం. గోడమీద సుద్దతో పళ్లెమంత గుండ్రం, మూడు పెద్దడుగుల దూరం, చేతిలో బట్టబంతి. బంతి వాళ్ల కాళ్లముందే పడుతోందంటే ఆలస్యంగా వదులుతున్నారు, తలమీదుగా పైకి పోతోందంటే తొందరగా వదిలేస్తున్నారు. అంతకంటే ఎక్కువ దిద్దను.

యాంకర్: ఆ తర్వాత?

టీచర్: ఇంకో పావుగంట అందరికీ ఏడుపెంకులాట. 19 మందినీ ఒకే ఆటలో పెడితే సగంమంది చూస్తూ నిలబడతారు, అందుకని రెండు ఆటలు, ఒకదాంట్లో తొమ్మిది, ఒకదాంట్లో పది. రెండింట్లోనూ అన్ని తరగతులవాళ్లూ ఉంటారు. విసరడానికి మూడు గీతలు: చిన్నాళ్లు మూడు పెద్దడుగుల నుంచి, మూడో తరగతి ఐదు, పెద్దాళ్లు ఎనిమిది. బంతి తగిలినవాడు అవుట్ కాడు, వరండా స్తంభం ముట్టుకుని మళ్లీ వచ్చేస్తాడు. అవుట్ పెట్టామంటే ముందు పోయేది చిన్నాళ్లే, ఎక్కువ ఆడాల్సిందీ వాళ్లే.

పీఈటీ: పెద్దాళ్లు గట్టిగా కొడితే?

టీచర్: పెద్దాళ్లు బంతిని నేలమీద దొర్లించాలి, ఎత్తి కొట్టకూడదు. ఇంకోటి, చివరి పెంకు పెట్టేది ఒకటో రెండో తరగతి పిల్లే. అప్పుడు పెద్దాళ్లు ఆ పిల్లకి అడ్డం నిలబడి కాపాడాల్సిందే, లేకపోతే గెలవరు.

పీఈటీ: అలా పెడితే అవతలి జట్టంతా ఆ పిల్ల మీదే పడుతుంది కదండీ.

టీచర్: పడుతుంది. అందుకే పెంకుల చుట్టూ రెండడుగుల గిరి గీస్తా, బంతి ఉన్న జట్టు అందులో కాలు పెట్టకూడదు. ఆ గిరి లేకపోతే ఆట పది క్షణాల్లో తోపులాటైపోతుంది.

యాంకర్: ఇదంతా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

పీఈటీ: పిల్లలు అరుస్తున్నారా లేదా అన్నది కొలత కాదండీ, అరుపులు ఎప్పుడూ ఉంటాయి. ఒక చిన్నాణ్ణి ఎంచుకుని రెండు నిమిషాలు చూడండి, బంతిగానీ పెంకుగానీ ఎన్నిసార్లు ముట్టుకున్నాడో వేళ్లమీద లెక్కపెట్టండి. ఒక్కసారీ లేదంటే గీత దగ్గరికి జరపాలి. అలాగే ఒక పెద్దాణ్ణి చూడండి. వాడు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడంటే వాడి గీత వెనక్కి పోవాలి. పిల్లల్ని అటూ ఇటూ మార్చొద్దు, గీతలు మార్చండి.

తల్లి: దెబ్బ తగిలితే? ఒక్కరే కదా మీరు, మిగతా పద్దెనిమిది మంది?

టీచర్: మూడు విజిళ్లు. వినపడగానే ఎక్కడివాళ్లక్కడ కూలబడాలి. ఇది ముందే ఆటగా నేర్పాలి, దెబ్బ తగిలిన రోజు నేర్పితే కుదరదు. ఎవరూ గాయపడకపోయినా మధ్యమధ్య ఊదుతుంటా. ఇక బూట్లు. కిట్‌లో ఇచ్చినా సగంమంది వట్టికాళ్లతోనే ఆడతారు. బూటున్నవాడు లేనివాడి వేలు తొక్కితే గోరు లేచిపోతుంది. అందరూ వేసుకోవాలి, లేదా అందరూ విప్పాలి. విప్పే రోజు ముందు నత్తగుల్లలు, గాజుపెంకులు, కొబ్బరి ఈనెలు ఏరించేస్తా.

పీఈటీ: కొబ్బరి అంటే గుర్తొచ్చింది. మన దగ్గర చాలా స్కూళ్లకి ఆటస్థలమంటే పక్క తోటే. చెట్టుకీ చెట్టుకీ పాతికడుగులు ఉంటుంది, నీడ ఉంటుంది, గీతల పని కూడా తప్పుతుంది. కానీ కాపుమీదున్న చెట్టుకింద ఆడించొద్దండీ, కాయే కాదు, ఎండిన మట్ట పడినా తల పగులుతుంది.

టీచర్: మా తోటలో కాపు లేని వరస ఒక్కటే ఉంది. దింపు తీసిన రోజుల్లో మాత్రం రెండు వరసలు దొరుకుతాయి.

తల్లి: తోట వాళ్లది మా వీధేనండీ. దింపు ఎప్పుడు తీస్తారో, మట్టలు కూడా కొట్టించేస్తారో లేదో నేనడుగుతాను, ఆ వారం ఆటల పీరియడ్ అక్కడ పెట్టుకోవచ్చు.

టీచర్: మట్టలు కొట్టించారో లేదో నేను వచ్చి చూశాకేనమ్మా. వానపడితే ఎలాగూ వరండాయే, అక్కడ పరుగులు ఉండవు, గోడకి బంతి కొట్టడం ఒక్కటే.

యాంకర్: సరేనండీ, వరండా ఆటల దగ్గర ఒక చిన్న విరామం.