కలలో నంబర్ ప్లేట్

శ్రోతలకు నమస్కారం.

కల వచ్చిందంటే మన ఇళ్లలో ముందుగా అడిగేది, దాని ఫలితం ఏమిటని. పళ్లు ఊడినట్టు వస్తే అయినవాళ్లకు కీడంటారు. పాము కనిపిస్తే ఒకటి, నీళ్లు కనిపిస్తే ఇంకొకటి. ఏ వస్తువుకు ఏ అర్థమో ఎవరో ముందే రాసిపెట్టి ఉంటారు. ఈ రోజు నేను చెప్పబోయే పద్ధతిలో అర్థం చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. కల కన్న మనిషే ఆ పాము అవ్వాలి, ఆ నీళ్లు అవ్వాలి. అలా అయ్యి మాట్లాడాలి.

దీన్ని ప్రచారంలోకి తెచ్చినవారు ఫ్రిట్జ్ పెర్ల్స్ అనే మానసిక వైద్యుడు. 1893లో బెర్లిన్‌లో పుట్టారు. ఫ్రాయిడ్ దారిలో శిక్షణ పొందినవారే. హిట్లర్ అధికారంలోకి వచ్చాక జర్మనీ విడిచి, దక్షిణాఫ్రికాలో ఉండి, తర్వాత అమెరికా చేరారు. భార్య లారాతో కలిసి గెస్టాల్ట్ థెరపీ అనే మానసిక చికిత్సా పద్ధతికి పునాది వేశారు. 1960లలో కాలిఫోర్నియా సముద్రతీరంలోని ఎసలెన్ అనే కేంద్రంలో ఆయన శిబిరాలు నడిపేవారు. కల చెప్పుకోవాలనుకున్నవాళ్లు అందరి ముందూ వచ్చి ఒక కుర్చీలో కూర్చునేవారు. ఎదురుగా ఇంకో ఖాళీ కుర్చీ ఉండేది. ఆయన గురించి ఇంతకంటే చెప్పను, ఎందుకంటే నాకు ఎంతో ఇష్టమైన ఒక కల గురించి తీరిగ్గా చెప్పాలని ఉంది.

ఆయన దగ్గరికి వచ్చిన ఒకావిడ చెప్పిన కల అది. 1969లో అచ్చులోకి వచ్చింది.

ఆవిడ కలలో ఒక సరస్సు ఎండిపోతోంది. మధ్యలో చిన్న దీవి. అక్కడ డాల్ఫిన్లలాంటి జీవాలు మనుషుల్లా నిలబడి, గుండ్రంగా చేరి, ఏదో పూజ చేస్తున్నట్టు తిరుగుతున్నాయి. వాటి నీళ్లు ఇంకిపోతున్నాయి. పిల్లల్ని కనేలోపే ఆ జాతి అంతరించిపోతుందని ఆవిడకు దిగులు. ఒక్కటే ఆశ: నీళ్లన్నీ పోయాక అడుగున ఏదైనా నిధి బయటపడుతుందేమో, ఎప్పుడో ఎవరో పడేసుకున్న నాణేలైనా దొరుకుతాయేమో అని. వెతికితే దొరికింది బండికి ఉండే ఒక పాత నంబర్ ప్లేట్. అంతే కల.

మీరైతే ఎక్కడ మొదలుపెడతారు? ఆ డాల్ఫిన్ల దగ్గర కదా? పెర్ల్స్ మాత్రం ఆవిణ్ణి నంబర్ ప్లేట్ అవ్వమన్నారు.

ఆవిడ అయ్యింది. నేను పాత నంబర్ ప్లేట్‌ని, తుప్పు పట్టలేదు కానీ నా కాలం అయిపోయింది, నన్ను చెత్తలో పడేశారు అంది. ప్లేట్‌గా ఉండటం నచ్చలేదంది. బండి రోడ్డెక్కాలంటే ప్లేట్ ఉండాలి, నేనిప్పుడు ఎవరికీ ఆ అనుమతి ఇవ్వలేను అంది. కాలిఫోర్నియాలో పాత ప్లేట్ మీదే కొత్త స్టిక్కర్ అంటిస్తారు, నాకూ ఎవరైనా ఒక స్టిక్కర్ అంటిస్తారేమో అని కాస్త నవ్వబోయింది.

అప్పుడు సరస్సు అవ్వమన్నారు పెర్ల్స్. నేను సరస్సుని, ఎండిపోతున్నాను, భూమిలోకి ఇంకిపోతున్నాను అని మొదలుపెట్టింది. చచ్చిపోతున్నాను అంది. అన్నాక, తనే ఆశ్చర్యపోతూ ఇంకో మాట అంది. భూమిలోకి ఇంకితే నేను చుట్టుపక్కల నేలను తడుపుతాను కదా, నా అడుగునే పూలు పూయొచ్చు కదా అంది. ఏడ్చేసింది. తనకు ఇక పిల్లలు పుట్టరనీ, కానీ బొమ్మలు వేయగలననీ, అందమైనవి సృష్టించగలననీ ఆ ఏడుపులోనే చెప్పింది.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. సరస్సంటే సంతానమనో, సృజన అనో పెర్ల్స్ చెప్పలేదు. ఆవిడ సరస్సుగా మాట్లాడుతుంటే ఆ మాట ఆవిడ నోటి నుంచే వచ్చింది. ఎండిపోవడం గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ తడపడం దగ్గరికి వచ్చింది. పక్కవాళ్లు చెప్పి ఉంటే ఆవిడ తల ఊపి ఊరుకునేది.

దీని వెనక ఉన్న ఆలోచన ఇదీ. కలలో పులిని తయారుచేసింది మన మనసే. పులిని చూసి పరిగెత్తే మనిషిని తయారుచేసిందీ మన మనసే. కానీ పరిగెత్తేవాణ్ణే నేను అంటాం, పులిని నేను అనం. మనలో మనం ఒప్పుకోని కోపమో, బలమో, పనికిరానితనమో అలా బయట పెట్టేసి, వేరే ఎవరిదో అన్నట్టు చూస్తామని పెర్ల్స్ అభిప్రాయం. దాన్ని మళ్లీ మనది చేసుకోవడానికే ఈ పాత్రధారణ.

మరి ఎలా చేయాలి? మొదట కలను జరుగుతున్నట్టుగా చెప్పాలి. పరీక్ష హాల్లో కూర్చున్నాను, పెన్ను రాయలేదు అని కాదు. కూర్చుని ఉన్నాను, పెన్ను రాయడం లేదు అనాలి. తర్వాత పెన్ను అవ్వాలి. నేను పెన్నుని, నాలో ఇంకు ఉంది, వీడు నన్ను గట్టిగా నొక్కుతున్నాడు, నేను రాయను. ఇలా నాలుగు మాటలు వచ్చాక, కుర్చీ మారి విద్యార్థిగా ఆ పెన్నుకు జవాబివ్వాలి. మళ్లీ ఇటు వచ్చి పెన్నుగా మాట్లాడాలి. ఆ వాదన ఎక్కడో విన్నట్టుందే అనిపిస్తే, అక్కడ ఆగి ఆ వాక్యమే మళ్లీ అనండి. మళ్లీ అనండి.

చాలామంది దారి తప్పేది ఒక్కచోటే. పెన్ను అంటే నా ఆత్మవిశ్వాసం అన్నమాట, హాలు అంటే సమాజం అన్నమాట, ఇలా వివరణలోకి వెళ్లిపోతారు. "అన్నమాట" అని వచ్చిందంటే మీరు పెన్నుగా లేరు, పెన్ను గురించి ఉపన్యాసం ఇస్తున్నారు. సరిగ్గా జరుగుతుంటే గొంతు మారుతుంది, నిట్టూర్పు వస్తుంది, లేదా అనుకోని మాట ఒకటి దొర్లుతుంది. ఏ వస్తువుతో మొదలుపెట్టాలో తెలియకపోతే, కలలో అతకనట్టు ఉన్నదాన్ని తీసుకోండి. ఆవిడ కలలో నంబర్ ప్లేట్ అలాంటిదే. ఏమీ పలకకపోతే ఇంకో వస్తువుకు వెళ్లండి, బలవంతం వద్దు.

మనుషులు కలలోకి వచ్చినప్పుడు మరింత జాగ్రత్త. కలలో అమ్మ తిట్టిందంటే, అమ్మగా మాట్లాడితే బయటపడేది మన లోపల కూర్చున్న తిట్టే గొంతు. నిజం అమ్మ మనసులో ఏముందో దానివల్ల తెలియదు. ఇక నిజంగా హింస పడ్డవాళ్లకు ఆ హింసించినవాడే కలలోకి వస్తుంటే, వాడూ నీలో భాగమే అని చెప్పడం నా దృష్టిలో క్రూరత్వం. అలాంటి పీడకల చాలాసార్లు జ్ఞాపకమే తిరిగి రావడం. అలాంటప్పుడు ఒంటరిగా కుర్చీలు మార్చుకుంటూ ఈ ప్రయోగం చేయొద్దు. శిక్షణ ఉన్న కౌన్సెలర్ దగ్గర, ముందు భద్రంగా ఉన్నామన్న నమ్మకం కుదిరాక, అవసరమైతేనే. భ్రమకూ నిజానికీ తేడా తెలియని స్థితిలో ఉన్నవాళ్లకూ ఇది పనికిరాదు.

పెర్ల్స్ అందరి ముందూ మనుషుల్ని గట్టిగా నిలదీసేవారు. అది నాకు నచ్చదు. ఇంట్లో ఎవరైనా పొద్దున్నే కల చెబితే, నువ్వే ఆ నంబర్ ప్లేట్ అని మనం తీర్పు చెప్పకూడదు. ఆ నంబర్ ప్లేట్ మాట్లాడితే ఏమంటుంది అని అడగవచ్చు. వాళ్లకు ఇష్టమైతే చెబుతారు, లేకపోతే కాఫీ తాగి వెళ్లిపోతారు.

సెలవు. నమస్కారం.