ఐదేళ్ళలోపు పిల్లలకు సంగీతం: ఏ పద్ధతి దేన్ని రుజువు చేసుకుంది?

(కడపలో అంగన్‌వాడీ టీచర్లు, సంగీత ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో అంగన్‌వాడీ టీచర్లు ఉన్నారు, ఇంట్లోనే పాట నేర్పే మేడమ్‌లు ఉన్నారు, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని వచ్చిన అమ్మలూ ఉన్నారు. ఈ మధ్య మీలో చాలామంది అడుగుతున్నది ఒకటే ప్రశ్న: "సార్, మూడేళ్ళ పాపకు సుజుకి పద్ధతి మంచిదా, కోదాయ్ మంచిదా, లేకపోతే మన సరళీ వరుసలతోనే మొదలుపెట్టాలా?" దానికి నాకు తెలిసినంత సూటిగా జవాబు చెప్తాను. అయితే ముందు ఒక మాట తేల్చుకోవాలి. మంచిది అంటే దేనికి మంచిది? పాట రావడానికా, లెక్కలు రావడానికా? పరిశోధనల్లో ఈ రెండింటికీ వచ్చిన జవాబులు వేరు.

పద్ధతుల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. జెనీవాలో ఎమిల్ జాక్ డాల్‌క్రోజ్ లయను ముందు ఒంటితో నేర్పాలన్నాడు. నడక, గెంతు, ఆగడం, ఇవే ఆయన పాఠాలు. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్, గునిల్డ్ కేట్‌మన్ కలిసి మాట, ఆట, చిన్న వాద్యాలు మూడింటినీ ఒకటి చేశారు. మన చెక్క భజన, కోలాటం చూసిన వాళ్ళకు అది కొత్తగా అనిపించదు. జపాన్‌లో షినిచి సుజుకి, బిడ్డ మాతృభాష ఎలా నేర్చుకుంటుందో వయొలిన్ కూడా అలాగే నేర్చుకోవాలన్నాడు. ముందు రోజూ వినాలి, అమ్మ పక్కనుండాలి, చూసి వాయించడం తర్వాత. హంగరీలో జొల్తాన్ కోదాయ్ సొంత గొంతు, సొంత ఊరి పాట, అందులోంచే స్వరజ్ఞానం అన్నాడు. ఆయన వాడిన మొదటి స్వరం 'దొ' మన షడ్జమం లాగే ఏ శ్రుతిలోనైనా పెట్టుకునేది. అందుకే నలుగురిలో మన బడులకు అందరికంటే దగ్గరగా వచ్చేవాడు కోదాయే అని నా అభిప్రాయం.

ఇప్పుడు రుజువుల దగ్గరికి వద్దాం. ఊళ్ళో గోడల మీద "సంగీతంతో మీ పాప బ్రెయిన్ షార్ప్" అనే పోస్టర్లు మీరు చూసే ఉంటారు. ఆ మాట గాల్లోంచి పుట్టలేదు. 2004లో గ్లెన్ షెలెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త కెనడాలో ఒక మంచి ప్రయోగం చేశాడు. 144 మంది ఆరేళ్ళ పిల్లలను లాటరీ పద్ధతిలో నాలుగు జట్లు చేశాడు. ఒక జట్టుకు కీబోర్డు, ఒక జట్టుకు కోదాయ్ పద్ధతిలో పాట, ఒక జట్టుకు నాటకం నేర్పారు. నాలుగో జట్టుకు ఆ ఏడాది ఏమీ లేదు. 36 వారాల పాఠాలు. మొదట్లో, చివర్లో తెలివితేటల పరీక్ష పెట్టారు. ఐక్యూ అందరికీ పెరిగింది, ఎందుకంటే ఆ ఏడాదే పిల్లలు బడిలో అడుగుపెట్టారు. పాట, కీబోర్డు నేర్చుకున్న వాళ్ళకు సగటున 7 పాయింట్లు, మిగతా వాళ్ళకు 4.3 పాయింట్లు. తేడా మూడు పాయింట్లు కూడా లేదు. ఇంకో సంగతి ఎవరూ పోస్టర్ మీద వేయరు: నలుగురితో కలిసిమెలిసి ఉండడంలో మెరుగుపడింది నాటకం జట్టు.

ఆ చిన్న తేడా అయినా తర్వాతి ప్రయోగాల్లో నిలిచిందా? 2013లో హార్వర్డ్‌లో శామ్యూల్ మెహర్, ఎలిజబెత్ స్పెల్కీ బృందం నాలుగేళ్ళ పిల్లలనే తీసుకుంది. తల్లిదండ్రులతో కలిసి ఆరు వారాల సంగీతం క్లాసు. మొదటిసారి 29 మంది పిల్లలతో చేసి, బొమ్మలు గీసే క్లాసుకు వెళ్ళిన పిల్లలతో పోల్చారు. ఏదో కొంత తేడా ఉన్నట్టు కనిపించింది. 45 మందితో మళ్ళీ చేస్తే ఆ తేడా కనబడలేదు. 2020లో సాలా, గోబే అనే ఇద్దరు 54 అధ్యయనాలను, అంటే దాదాపు 7,000 మంది పిల్లల ఫలితాలను, ఒకచోట చేర్చి లెక్కగట్టారు. పిల్లలను లాటరీతో పంచి, రెండో జట్టుకు కూడా బొమ్మలో, నాటకమో, ఏదో ఒకటి నేర్పిన అధ్యయనాల్లో సంగీతం వల్ల చదువుకూ తెలివికీ వచ్చిన లాభం సున్నా దగ్గరే ఉంది. కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. కొత్త టీచరు, కొత్త పని, వారం వారం దొరికే శ్రద్ధ, వీటన్నిటి వల్ల పిల్లలు పరీక్షలో కాస్త బాగా చేస్తారు. రెండో జట్టుకు కూడా అవన్నీ ఇస్తే సంగీతం వాటా ఎంతో తేలిపోతుంది. కాబట్టి లెక్కల మార్కుల కోసం పాట క్లాసు ఫీజు కట్టకండి. ఆ పోస్టర్ నమ్మి కట్టిన అమ్మలను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

మరి గట్టి రుజువు దేనికి ఉంది? నాకు బాగా నచ్చిన ప్రయోగం 2009లో కిర్ష్‌నర్, టొమసెల్లో చేసింది. రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్ళ పిల్లలకు డ్రమ్ము ఇచ్చి లయకు కలిపి కొట్టమన్నారు. ఒకసారి ఎదురుగా మనిషి కూర్చుని కొట్టాడు, ఒకసారి యంత్రం కొట్టింది, ఇంకోసారి స్పీకర్లోంచి శబ్దం మాత్రమే వచ్చింది. మనిషి ఎదురుగా ఉన్నప్పుడే పిల్లలు లయను బాగా పట్టుకున్నారు. రెండున్నరేళ్ళ పిల్లలు కూడా తమ వేగాన్ని మార్చుకుని కలిశారు. 2012లో కెనడాలో గెర్రీ, ఉన్రావ్, ట్రెయినర్ ఆరు నెలల పసిపిల్లలతో ఆరు నెలలపాటు ఒక ప్రయోగం చేశారు. ఒక జట్టులో సుజుకి పద్ధతిలో అమ్మానాన్నలు పాడుతూ, బిడ్డ చేయి పట్టి తాళం వేయిస్తూ ఉంటారు. రెండో జట్టులో పిల్లలు బొమ్మలతో ఆడుకుంటుంటే వెనక రికార్డు మోగుతూ ఉంటుంది. ఏడాది నిండేసరికి మొదటి జట్టు పిల్లలు చేయి ఊపడం, వేలు చూపడం లాంటి సైగలు ఎక్కువగా చేశారు, కొత్తవాటిని చూసి తక్కువగా బెదిరారు, తమ సంగీతంలోని శ్రుతిని కూడా బాగా గుర్తుపట్టారు. ఫోన్లో పాట పెట్టి బిడ్డను పక్కన కూర్చోబెట్టడం రెండో జట్టు పనే.

గమనించండి, ఈ ఫలితాల్లో పద్ధతి పేరు పెద్దగా పనిచేయడం లేదు. ఎదురుగా మనిషి ఉండడం, బిడ్డ తనే పాడడం, కదలడం, రాత జోలికి పోకుండా చెవితో మొదలుపెట్టడం పనిచేస్తున్నాయి. ఇవి నలుగురిలోనూ ఉన్నవే. ఒక పద్ధతిని ఇంకో పద్ధతితో నేరుగా పోటీ పెట్టిన ప్రయోగాలు బాగా తక్కువ. "మా పద్ధతి నంబర్ వన్" అని ఎవరైనా అంటే, దేనితో పోల్చి చూశారని అడగండి.

ఇక మన క్లాసులోకి వద్దాం. పిల్లల దగ్గర ఎక్కువగా తప్పేది శ్రుతి. మన మేడమ్‌లు చాలామంది 5 శ్రుతిలో పాడతారు. వాళ్ళ షడ్జమం హార్మోనియం తెల్ల మీటల లెక్కలో మధ్య 1 కి కింద ఉన్న 5 దగ్గర ఉంటుంది. నాలుగేళ్ళ బిడ్డకు సులువుగా పలికే చోటు మధ్య 1 కి పైన 2 నుంచి 6 దాకా. అంటే మేడమ్ పంచమం ఎక్కడుందో బిడ్డ గొంతు అక్కడ మొదలవుతుంది. మేడమ్ స, రి, గ అని పాడుతుంటే బిడ్డకు ఆ స్వరాలు గొంతులోనే లేవు. అందుకని పాటను మాటలాగా చెప్పేస్తుంది, లేదా గొణుగుతుంది. మనం "దీనికి శ్రుతి లేదు" అని పక్కన పెట్టేస్తాం. పరీక్షించడం తేలిక. అదే బిడ్డ చేత అంబులెన్స్ కూత కూయించండి. గొంతు పైకి జారుతూ పోతే శ్రుతి లేకపోవడం కాదు, చోటు తప్పింది. షడ్జమాన్ని మధ్య 2 దగ్గర పెట్టండి, పంచమం 6 దగ్గరికి వస్తుంది. శ్రుతి బాక్స్‌లో ఒక మీట మార్చే పని. మేడమ్ గొంతుకు అది తన పంచమం నుంచి పై రిషభం దాకా, ఇబ్బంది లేదు.

రెండోది స్వరాల వరుస. మనం మాయామాళవగౌళతో మొదలుపెడతాం. పదేళ్ళ పిల్లకు అది చక్కటి క్రమం. నాలుగేళ్ళ బిడ్డకు అందులోని శుద్ధ రిషభం కష్టం, ఎందుకంటే అది షడ్జమానికి ఒక్క మెట్టు దూరంలోనే ఉంది. బిడ్డ పాడితే రిషభం పైకి జారి చతుశ్రుతి అయిపోతుంది, లేదా షడ్జమంలోకి కూలబడుతుంది. చెవి పెట్టి వింటే ఆ జారుడు మీకే తెలుస్తుంది. కోదాయ్ వాళ్ళు ఇలాంటి ఇరుకు దూరాలను వెనక్కి నెట్టారు. వాళ్ళు మొదట నేర్పే రెండు స్వరాలు మన లెక్కలో పంచమం, అంతర గాంధారం. తర్వాత చతుశ్రుతి ధైవతం, ఆ తర్వాత షడ్జమం, చతుశ్రుతి రిషభం. అన్నీ కలిపితే స రి గ ప ద, అంటే మన మోహనం. ఈ క్రమం టీచర్ల అనుభవంలోంచి వచ్చింది, ప్రయోగంతో నిరూపించింది కాదు, ఆ తేడా మర్చిపోకూడదు. అయినా అంగన్‌వాడీలో రేపు పొద్దున్నే చేయగలిగింది ఇదే. హాజరు వేసేటప్పుడు పేరును పాడుతూ పిలవండి. "సు" పంచమం మీద, "జా" గాంధారం మీద. బిడ్డ "ఉన్నా" అని అవే రెండు స్వరాల మీద జవాబు ఇస్తుంది. ఒక్కొక్కరూ ఒంటరిగా పాడతారు కాబట్టి ఎవరి గొంతు ఎక్కడుందో హాజరుతో పాటే మీకు తెలిసిపోతుంది. గుంపులో పాడిస్తే ఇది తెలియదు. రెండూ కుదిరాక ధైవతం కలపండి, "వానా వానా వల్లప్ప" అందులో సరిపోతుంది.

వేగం సంగతి కూడా ఇలాంటిదే. పెద్దవాళ్ళను ఊరికే బల్ల మీద తట్టమంటే నిమిషానికి దాదాపు 100 దెబ్బలు కొడతారు. నాలుగేళ్ళ పిల్లలు 150 దాకా కొడతారు. మన నిదానపు తాళంలో వాళ్ళు ముందుకు పరుగెత్తితే అది లయ రాకపోవడం కాదు. డాల్‌క్రోజ్ టీచరు ముందు బిడ్డ నడకకే వాయిస్తుంది, బిడ్డ కలిశాక మెల్లగా వేగం తగ్గిస్తుంది. మీరు చప్పట్లతో అదే చేయండి.

చాపు తాళాలను మాత్రం పెద్దయ్యాక నేర్పుదామని దాచిపెట్టకండి. హానన్, ట్రెహబ్ 2005లో ఉత్తర అమెరికా పసిపిల్లలకు బాల్కన్ దేశాల సంగీతం వినిపించారు. దాని లెక్క మన చాపు లాగే ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఆరు నెలల బిడ్డలు అందులో తప్పు వస్తే పసిగట్టారు. ఏడాది బిడ్డలకు అది పోయింది. అయితే ఇంట్లో రెండు వారాలు వినిపిస్తే వాళ్ళకు తిరిగి వచ్చింది. పెద్దవాళ్ళకు అంత విన్నా రాలేదు. పండరి భజన జరిగే చోటికి చంటిబిడ్డను తీసుకెళ్ళడం మానకండి. మైకు స్పీకరుకు దూరంగా కూర్చోండి, అంతే.

ఇదంతా మీ సెంటర్లో పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? మొదటి వారం హాజరు పాటను ఫోన్లో రికార్డు చేయండి. బిడ్డ పేరు పక్కన మూడింటిలో ఒక గుర్తు వేయండి: మాటగా చెప్పింది, స్వరం దగ్గరికి వచ్చింది, స్వరం కలిసింది. మూడు నెలల తర్వాత మళ్ళీ రికార్డు చేసి, గుర్తులు వేసే పని పిల్లలను ఎరగని ఇంకో టీచరుకు ఇవ్వండి. ఏ రికార్డు ముందుదో ఆమెకు చెప్పొద్దు, లేకపోతే మన ప్రేమ మార్కులు పెంచేస్తుంది. మూడు నెలల్లో బిడ్డ ఎలాగూ ఎదుగుతుంది కాబట్టి, ఈ హాజరు పాట లేని పక్క సెంటర్లో కూడా అదే రోజుల్లో రికార్డు చేస్తేనే పోలిక నిలుస్తుంది. ఈ పని చేయడానికి ఒప్పుకునే సెంటర్లు రెండు దొరికినా చాలు, ఇక్కడే పేర్లు ఇచ్చి వెళ్ళండి. గుర్తులు వేసే కాగితం నమూనా తెచ్చాను.