రిజల్ట్స్ గురువారం, ట్రేడ్ ఉంచాలా అమ్మాలా? ఈ యాప్‌తో నా రివ్యూ

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ చార్టింగ్ యాప్ వాళ్లు నాకు మూడు నెలల సబ్‌స్క్రిప్షన్ ఫ్రీగా ఇచ్చారు. ఫీచర్ల లిస్టు మీరు ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు, అది వదిలేస్తా. నేను పట్టుకున్నది ఒక్కటే: కంపెనీ రిజల్ట్స్‌కి ముందు, షేర్ ఎంత ఊగొచ్చో చార్ట్ మీద గీసి చూపించే ఆ నీలం పట్టీ.

ఇదిగో నా స్వింగ్ ట్రేడ్. 100 దగ్గర 50 షేర్లు కొన్నా, స్టాప్‌లాస్ 96. అంటే పోతే 200 పోవాలి, అంతే. ఇప్పుడు 108లో ఉంది, రిజల్ట్స్ గురువారం మార్కెట్ మూశాక.

స్టాప్ ఉందిగా, టెన్షన్ ఎందుకంటారా? నేనూ ఒకప్పుడు అలాగే నిద్రపోయా. రాత్రి 60లో మూసిన షేర్ పొద్దున 51లో తెరుచుకుంది. నా స్టాప్ 57. మధ్యలో ఒక్క ట్రేడ్ కూడా జరగలేదు, 51కే అమ్ముడుపోయింది. గ్యాప్‌కి స్టాప్ అడ్డం రాదు.

అందుకే ఈ పట్టీ. ఇప్పటి ధరకి దగ్గరి స్ట్రైక్‌లో కాల్, పుట్ ఆప్షన్లు రెండూ కలిపి ఎంత పలుకుతున్నాయో చూస్తుంది. నా షేర్‌కి 9. అంటే మార్కెట్ అంచనా సుమారుగా అటు 117, ఇటు 99. నాకున్న లాభం 8, ఊగిసలాట 9. మామూలుగా పడినా లాభం మొత్తం పోతుందన్నమాట.

కానీ ఒళ్లు మండేది ఇక్కడే. యాప్ తనంతట తాను నెలాఖరు ఎక్స్‌పైరీ, అంటే నెలాఖరున గడువు తీరే ఆప్షన్లు, తీసుకుంటుంది, అప్పుడు పట్టీ 13 చూపిస్తుంది. అందులో రిజల్ట్స్ ఒక్కటే కాదు, తర్వాతి వారాల కదలికా కలిసిపోయింది. రిజల్ట్స్ తర్వాత వచ్చే మొదటి ఎక్స్‌పైరీని ప్రతిసారీ నేనే మార్చుకోవాలి. మార్చినా గుర్తుపెట్టుకోదు! ఇంతకుముందు వాడిన యాప్‌లో పట్టీయే లేదు, నోట్‌బుక్‌లో కూడుకునేవాణ్ని. నిజం చెప్పాలంటే అప్పుడు తప్పులు తక్కువ. ఆప్షన్లు లేని షేర్లకైతే పట్టీయే రాదు, పాత రిజల్ట్స్ రోజుల గ్యాప్‌లు చూసుకోవాల్సిందే.

సరే, నా లెక్క. అంచనాకి రెట్టింపు పడిందనుకుందాం, 18 పోయి 90. షేర్‌కి 10 నష్టం, 50 షేర్లకి 500. నేను ఒప్పుకున్నది 200. అంటే 20 షేర్లే ఉంచగలను. మిగతా 30 ఇక్కడే 108కి అమ్మితే 240 చేతికొస్తుంది. 90కి పడినా మొత్తం మీద ఇంకా 40 మిగులుతుంది. అంతకన్నా పడితే? పడొచ్చు, పట్టీ గ్యారంటీ కాదు.

డబ్బు పెట్టి కొంటానా? ఆ ఎక్స్‌పైరీ సెట్టింగ్ బాగుచేసేదాకా కొనను. పట్టీ మాత్రం తెగ నచ్చింది, ఫ్రీ అయిపోయేదాకా వదలను. 30 షేర్లు ఇందాకే అమ్మేశా, 20 ఉన్నాయి. శుక్రవారం పొద్దున ఎక్కడ తెరుచుకుందో కామెంట్లో పెడతా.