రెండూ పేగు పుండ్లే, పథ్యం మాత్రం ఒకటి కాదు

(టేబుల్ మీద పళ్లెంలో బత్తాయి తొనలు. పక్కన వడకట్టిన రసం గ్లాసు.)

నమస్తే. నేను నల్లగొండల స్టాఫ్ నర్సును. ఈ పళ్లెంలున్నది మన తోటల బత్తాయే. నిరుడు దేవరకొండ దిక్కు నుంచి ఒకన్న క్రోన్స్ జబ్బుతో వచ్చిండు. ఇంటికి పోయేటప్పుడు "పండ్లు, ఆకుకూరలు బాగ తిను అన్నా" అని చెప్పింది నేనే. మూడు వారాలకు మళ్లొచ్చిండు. కడుపు కుండలెక్క ఉబ్బింది, వాంతులైతున్నయి, గాలి కూడా పోతలేదు. ముందటి రోజు నాలుగు బత్తాయిలు పీచుతో సహా తిన్నడంట.

అప్పుడే పక్క వార్డుల మిర్యాలగూడ పిల్ల ఒకామె ఉండె. ఆమెది అల్సరేటివ్ కొలైటిస్. జబ్బు తగ్గినంక ఆమె అవే బత్తాయిలు తింటే ఏం కాలే. ఎందుకు?

(తెల్ల బోర్డు మీద పేగు బొమ్మ.)

కొలైటిస్ పెద్దపేగు జబ్బు. మలద్వారం పైనున్న పురీషనాళం కాడ మొదలై, మధ్యల జాగ ఇడువకుంట పైకి పాకుతది. పేగు లోపలి పొరనే పుండైతది. చెరువు కట్ట మీద మట్టి పైపైన కొట్టుకపోయినట్టు.

క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాక ఎక్కడైన రావచ్చు. ఎక్కువగ చిన్నపేగు చివర, పెద్దపేగుల కలిసేకాడ పడతది. ఇక్కడింత, అక్కడింత, మధ్యల పేగు బాగనే ఉంటది. అయితే లోతుకు పోతది. కట్టకు బుంగ పడ్డట్టు గోడ మొత్తం తొలుస్తది. ఆ బుంగ పక్క పేగులకో, మూత్రసంచిలకో, మలద్వారం పక్క చర్మానికో తెరుసుకుంటే ఫిస్టులా అంటరు. పుండు మాని మచ్చ కడితే పేగు ఇరుకైతది. మా అన్నకు అయింది గదే.

(మలం గురించి అడిగే ప్రశ్నలు తెర మీద.)

సిగ్గుపడకుంట అడగాలె, చెప్పాలె. కొలైటిస్ ముదిరితే దినానికి పది, ఇరవై సార్లు కూడా పోతరు. రక్తం, చీము, జిగట. పోయొచ్చినంక కూడా ఇంకా ఉన్నట్టే ఉంటది. మన దగ్గర రక్తం చూడంగనే మొలలని పసరు మందు తాగుతరు. ఆ పిల్ల గట్లనే ఆరు నెలలు పోగొట్టుకున్నది. క్రోన్స్‌ల నాలుగైదు సార్లు పలుచగ పోతది, రక్తం తక్కువ. కొవ్వు అరగకపోతే జిడ్డుగ, నీళ్ల మీద తేలేటట్టు ఉంటది. బొడ్డుకు కుడిపక్క కింద నొప్పి. అదే జాగల పేగు టీబీ కూడా వస్తది, రెండూ ఒక్కతీరుగనే కనిపిస్తయి. అందుకే డాక్టర్లు ముక్క తీసి పరీక్షకు పంపుతరు. టీబీని క్రోన్స్ అనుకొని స్టెరాయిడ్ ఇస్తే టీబీ ముదురుతది.

కొలైటిస్‌ల నన్ను భయపెట్టేది ఒకటే. ఇరవై సార్లు పోయేటోళ్లకు ఒక్కసారిగ విరేచనాలు తగ్గి, కడుపు ఉబ్బి, జ్వరమొస్తే అది నయమైనట్టు కాదు. పెద్దపేగు బుగ్గలెక్క సాగి పగిలే ప్రమాదం. ఇంట్ల ఉండొద్దు. జబ్బు ముదిరినప్పుడు విరేచనాలు ఆపే గోలీ సొంతంగ ఏసుకుంటే కూడా గిట్లయితది. జబ్బు పెద్దపేగుల చాలామేర ఉన్నోళ్లు ఎనిమిదేండ్లు దాటినంక క్యాన్సర్ కోసం కొలనోస్కోపీ మొదలు పెట్టాలె.

(మళ్లా బత్తాయి పళ్లెం.)

ఇగ పథ్యం. జబ్బు ముదిరినప్పుడు ఇద్దరికీ ఒక్కటే: మెత్తటి అన్నం, పెసరకట్టు, ఉడికిన గుడ్డు, కొద్దికొద్దిగ నాలుగైదు సార్లు. పోయిన నీళ్లకు ఓఆర్ఎస్. కారం, చాయ తగ్గియ్యాలె. పాలు పడకపోతేనే మానాలె, లేకుంటే ఊకెనే మానొద్దు.

జబ్బు సల్లబడ్డంక దారులు వేరైతయి. కొలైటిస్ పిల్ల నెమ్మదిగ జొన్నరొట్టె, కూరగాయలకు వచ్చింది. రక్తం పోయింది కాబట్టి ఐరన్ చూసుకోవాలె. అన్నకు మాత్రం ఇరుకు పోలే. ముక్కుల నుంచి గొట్టమేసి, సెలైన్ పెట్టి, స్కాన్ తీస్తే చిన్నపేగు చివర ఇరుకు తేలింది. వాపుతోని వచ్చిన ఇరుకు మందుకు తగ్గుతది, మచ్చ కట్టిన ఇరుకు తగ్గదు. అన్నకు రెండూ ఉండె. వాపు తగ్గి పేగు తెరుసుకున్నది గని, పీచు తినొచ్చని ఎవరూ అనలే. మక్కకంకులు, పల్లీలు, జామగింజలు, సీతాఫలం గింజలు, బత్తాయి తొనల పీచు బంద్. సొరకాయ, బీరకాయ తొక్క తీసి మెత్తగ ఉడకబెట్టి తినొచ్చు. విటమిన్ బీ12 పీల్చేది గా పేగు చివరనే, అందుకే సూది మందు రాసిండ్రు. బీడీ మానాలె. అది క్రోన్స్‌ను ఎగదోస్తది. మోకాళ్ల నొప్పికని దుకాణంల గోలీలు కొనొద్దు. అవి ఇద్దరికీ పడవు.

మొన్న చెకప్‌కు వచ్చినప్పుడు "బత్తాయి మానినవా అన్నా?" అని అడిగిన. "మాన్లే బిడ్డా. రసం నేను వడకట్టుకొని తాగుతున్న, పిప్పి మా మేకకేస్తున్న" అన్నడు.