షవర్‌కి ఫిల్టర్ బిగించాం, జుట్టు మాత్రం పీచులాగే ఉంది

యాంకర్: నమస్కారం, ఆరోగ్య ఫోన్-ఇన్‌కి స్వాగతం. ఇవాళ్టి మాట బోరు నీళ్ల గురించి. స్టూడియోలో చర్మవైద్యురాలు ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండమ్మా.

శ్రావణి: నమస్తే అండి. మాది రాజమండ్రి. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాం, మియాపూర్ దగ్గర ఫ్లాట్‌లో ఉంటున్నాం. అక్కడ గోదావరి నీళ్లతో పెరిగిన జుట్టండి నాది, ఇక్కడికొచ్చాక కొబ్బరి పీచులా అయిపోయింది. షాంపూ నురగ రాదు, దువ్వెన దిగదు. ఆన్‌లైన్‌లో చూసి షవర్ ఫిల్టర్ కొన్నాం. పదిహేను దశలంట. తేడా ఏమీ కనపడట్లేదు.

డాక్టర్: మీ నీళ్లు ఎప్పుడైనా పరీక్ష చేయించారా?

శ్రావణి: అపార్ట్‌మెంట్ వాళ్లు చేయించారండి. వాట్సాప్ గ్రూపులో పెట్టారు. టీడీఎస్ 900, టోటల్ హార్డ్‌నెస్ 500 అని ఉంది.

డాక్టర్: మనకు కావలసింది ఆ రెండో అంకె. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి. వాటిలో ఉప్పు కూడా ఉంటుంది, అది జుట్టుని ఇలా చేయదు. హార్డ్‌నెస్, అంటే కాఠిన్యం, కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చేది. అవి ఎక్కువున్నవే గట్టి నీళ్లు. తాగే నీళ్లకి మన భారత ప్రమాణం లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా మంచిదంటుంది, వేరే నీళ్లు దొరక్కపోతే 600 వరకు ఒప్పుకుంటుంది. అంటే మీ నీళ్లు తాగడానికి హద్దు దాటలేదు, తలంటుకి మాత్రం ఇబ్బందే.

యాంకర్: మరి ఆ ఫిల్టర్ ఎందుకు పనిచేయలేదు మేడం?

డాక్టర్: ఆ డబ్బాలో ఏముందో చూడాలి. రాగి-జింకు రేణువులు, బొగ్గు, కాల్షియం సల్ఫైట్, కొన్నిట్లో విటమిన్ సి. ఇవన్నీ క్లోరిన్‌ని తగ్గించేవి. బోరు నీళ్లలో క్లోరిన్ ఎక్కడుంది? లేని దాన్ని తీస్తోందన్నమాట. కాల్షియాన్ని పట్టుకునేది ఒక్కటే, రెజిన్ అనే చిన్న పూసలు. అవి కాల్షియాన్ని తీసుకుని, బదులుగా సోడియాన్ని వదులుతాయి.

శ్రావణి: మా దాంట్లో రెజిన్ కూడా ఉందని రాశారండి.

డాక్టర్: ఉండొచ్చు. ఎంతుంటుంది? షవర్ మెడకి బిగించే డబ్బా కదా, మహా అయితే ఓ చిన్న టీ గ్లాసుడు, 100 మిల్లీలీటర్లు అనుకుందాం. లీటరు రెజిన్ ఇళ్లలో పనిచేసేటప్పుడు సుమారు 50 గ్రాముల కాఠిన్యం పట్టుకుంటుంది. మీ 100 మిల్లీలీటర్లు 5 గ్రాములు పడతాయి. మీ నీళ్లలో లీటరుకి అర గ్రాము ఉంది. పది లీటర్లకే 5 గ్రాములైపోయాయి.

యాంకర్: అంటే అర బకెట్!

డాక్టర్: అర బకెట్‌కే. మొదటి స్నానం సగంలోనే దాని పని అయిపోయింది. మళ్లీ పనిచేయాలంటే ఉప్పు ద్రావణంతో కడగాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్లో నీళ్ల కాఠిన్యం తీసే మనిషెత్తు సాఫ్ట్‌నర్ ట్యాంకు, పక్కన ఉప్పు బస్తాలు ఉండేది అందుకే. అరచేతిలో పట్టే డబ్బా ఆ పని చేస్తుందంటే నేను నమ్మను, అది ఎన్ని దశలైనా సరే.

శ్రావణి: అది నిజంగా పనిచేస్తోందో లేదో ఇంట్లో తెలుసుకోవచ్చా అండి?

డాక్టర్: మూత ఉన్న సీసాలో సగం వరకు ఆ ఫిల్టర్ నీళ్లు పోయండి. ఇంకో సీసాలో ఆర్వో నీళ్లు. రెండిట్లో ఒకే కొలత ఒంటి సబ్బు తురుము వేసి బాగా గిలకరించండి. ఆర్వో సీసాలో నురగ నిలబడుతుంది. రెండోదాంట్లో నురగ విరిగి, నీళ్లు పాలలా తెల్లబడి పైన తెట్టు కడితే ఫిల్టర్ కాఠిన్యాన్ని తీయట్లేదని అర్థం. ఆ తెట్టే మీ ఒంటి మీదా, బాత్‌రూమ్ టైల్స్ మీదా పేరుకునేది. ఇంతకీ జుట్టుకి రంగు వేయించారా?

శ్రావణి: పెళ్లికి స్ట్రెయిట్‌నింగ్ చేయించానండి, హైలైట్స్ కూడా.

డాక్టర్: అక్కడుంది అసలు సంగతి. బ్లీచింగ్‌తో వెంట్రుక పైపొర దెబ్బతిన్నాక దానిమీద కాల్షియం అతుక్కునే చోట్లు పెరుగుతాయి. రంగు వేయని జుట్టుకి ఇంత పట్టదు. మీకు కీలేటింగ్ షాంపూ పనికొస్తుంది. అది కాల్షియాన్ని పట్టుకుని నీళ్లతో పాటు కొట్టుకుపోయేలా చేస్తుంది.

యాంకర్: సీసా మీద ఏం చూసి కొనాలి?

డాక్టర్: కీలేటింగ్ అని రాసి ఉండాలి. ఒట్టి క్లారిఫైయింగ్ అని ఉంటే అది నూనె, జిడ్డు తీసేది కావచ్చు. వెనక వైపు టెట్రాసోడియం ఈడీటీఏ, సోడియం ఫైటేట్, సోడియం గ్లూకోనేట్ లాంటివి వెతకండి. ఇక్కడో చిక్కుంది. డైసోడియం ఈడీటీఏ చాలా షాంపూల్లో చిటికెడు ఉంటుంది, సరుకు పాడవకుండా. పేరు కనబడింది కదా అని మురిసిపోకండి, జాబితాలో ఆఖర్న ఉంటే దానివల్ల ఒరిగేది తక్కువే. పది రోజులకోసారి పెట్టి, మూడు నాలుగు నిమిషాలు ఆగి కడిగి, తప్పకుండా కండిషనర్ రాయండి. రోజూ వాడితే జుట్టు ఎండిపోతుంది.

శ్రావణి: కడిగేది మళ్లీ ఆ నీళ్లతోనే కదండీ?

డాక్టర్: మంచి ప్రశ్న. అందుకే ఆఖర్న రెండు మగ్గుల మంచినీళ్లు పోసుకోండి. మంజీరా, కృష్ణా నీళ్లు వచ్చే రోజు ఓ బకెట్ విడిగా పట్టుకోండి, సంపులో పడితే బోరు నీళ్లలో కలిసిపోతాయి. లేదంటే ఆర్వో నీళ్లు. పక్క పైపులోంచి పోయే ఆర్వో వేస్ట్ నీళ్లు మాత్రం వద్దు, కాఠిన్యమంతా వాటిలోకే చేరుతుంది. కుంకుడుకాయ వాడొచ్చు, సబ్బులా తెట్టు కట్టదు.

శ్రావణి: జుట్టు కూడా బాగా ఊడిపోతోందండి. దానికీ ఈ నీళ్లేనా?

డాక్టర్: ఊడినదాన్ని తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఒక కొసకి తెల్లటి చిన్న బుడిపె ఉంటే అది కుదురు నుంచి వచ్చింది. బుడిపె లేని పొట్టి ముక్కలైతే మధ్యలో విరిగినవి. నీళ్ల ప్రభావం ఉంటే విరగడంలోనే ఉంటుంది. అదీ ఖాయమని చెప్పలేం, 2013లో కోయంబత్తూరు వైద్యులు పరీక్షిస్తే గట్టి నీళ్లలో ఉంచిన వెంట్రుకల బలంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మీకు ఏది కనిపిస్తోంది?

శ్రావణి: బుడిపె ఉన్నవే ఎక్కువండి. ఆగస్టులో డెంగీ వచ్చింది నాకు.

డాక్టర్: ఇప్పుడు నవంబరు. జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకి జుట్టు ఇలా రాలుతుంది, చాలావరకు తనంతట తనే సర్దుకుంటుంది. హీమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్ ఒకసారి చూపించుకోండి. షాంపూ మార్చితే ఈ రాలడం ఆగదు.

యాంకర్: ఇంకో కాల్. నల్గొండ నుంచి, చెప్పండి.

కాలర్: మేడం, మా బాబుకు నాలుగేండ్లు. మోచేతి మడతల్లో ఎగ్జిమా. సాఫ్ట్‌నర్ పెట్టిస్తే తగ్గుతదని ఒకాయన అంటుండు. యాభై వేలు చెప్తుండు.

డాక్టర్: ఆ డబ్బు ఆపుకోండన్నా. గట్టి నీళ్లలో సబ్బు చర్మం మీద మిగిలిపోయి దురద పెంచే మాట నిజమే. కానీ ఇంగ్లండులో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల మీద చూశారు, 2011లో అచ్చయింది. సగం మంది ఇళ్లలో పన్నెండు వారాలు సాఫ్ట్‌నర్ పెట్టారు. పెట్టనివాళ్ల కన్నా ఎగ్జిమా ఏమీ ఎక్కువ తగ్గలేదు. ఒంటి సబ్బు మానేసి సిండెట్ బార్ వాడండి, అది చూడ్డానికి సబ్బులాగే ఉన్నా సింథటిక్ డిటర్జెంట్‌తో చేసింది, దానికి తెట్టు రాదు. గోరువెచ్చని నీళ్లతో తొందరగా స్నానం కానిచ్చి, ఒళ్లు తడి ఆరకముందే మాయిశ్చరైజర్ దట్టంగా రాయండి. ఎర్రబడ్డ చోటికి డాక్టరు రాసిన క్రీమ్ ఆపారా?

కాలర్: స్టెరాయిడ్ అని భయపడి ఆపినం మేడం.

డాక్టర్: సాఫ్ట్‌నర్ కన్నా ముందు దాని గురించి మాట్లాడాలి. లైన్లోనే ఉండండి, ట్యూబు మీద పేరు చదివి చెప్పండి.