క్లెయిం తిరస్కరణకు జవాబు

శ్రోతలకు నమస్కారం. ఆరోగ్య బీమా కంపెనీలు క్లెయిం ఇవ్వం అని పంపే ఇంగ్లీషు మెయిల్ మీరెప్పుడైనా చూశారా? మొదట్లో విచారిస్తున్నాం అంటారు, చివర్లో ధన్యవాదాలు అంటారు. అసలు కారణం మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యంలో ఉంటుంది. సత్యనారాయణపురంలో ఉంటున్న మా నాన్నగారికి ఈమధ్య అలాంటి మెయిలే వచ్చింది. ఆయన రిటైరైన ఉద్యోగి, డెబ్బై దాటిన మనిషి. ఫోన్ నా చేతికిచ్చి, "నేను దొంగ బిల్లు పెట్టానంటున్నారామ్మా?" అని అడిగారు.

"కాదు నాన్నగారూ, బిల్లు దొంగదని ఎవరూ అనలేదు. ఆస్పత్రిలో చేరాల్సినంత అవసరం లేదంటున్నారు."

"అవసరం లేకపోతే ఐసీయూలో ఎందుకు పెట్టారట?"

జవాబుగా మేం రాయాల్సింది ఆ ప్రశ్నే. కానీ దాన్ని కోపంగా అడిగితే సరిపోదు, కాగితాలతో అడగాలి.

జరిగిందేమిటంటే, నాన్నగారికి రెండు రోజులు వాంతులయ్యాయి, కళ్ళు తిరిగాయి, ఆ రాత్రికి మాట తడబడింది. సూర్యారావుపేటలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళాం. రక్తపరీక్షలో సోడియం 116 వచ్చింది. మామూలుగా అది 135 నుంచి 145 మధ్య ఉండాలి. బీపీకి వాడే మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి. పెద్దవాళ్ళలో వాటివల్ల సోడియం పడిపోతుంటుంది, దానికి వాంతులు కూడా తోడయ్యాయి. 3 శాతం సెలైన్ ఎక్కించారు. ఇది మామూలు సెలైన్ కంటే చాలా గాఢంగా ఉంటుంది. సోడియం మరీ తొందరగా పెరిగినా మెదడుకి ప్రమాదమే కాబట్టి కొన్ని గంటలకోసారి రక్తం తీసి చూస్తూ ఉండాలి. ఇంట్లో చేసే పని కాదు, ఓపీలో చేసే పని అంతకన్నా కాదు.

మరి కంపెనీ ఎందుకు కాదంది? మెయిల్‌లో మధ్య పేరాలో Excl04 అని ఒక గుర్తు ఉంది. మన దేశంలో ఏ కంపెనీ ఆరోగ్య పాలసీ తీసినా ఈ గుర్తుకు ఒకటే అర్థం. కేవలం పరీక్షల కోసం, జబ్బేమిటో తేల్చుకోవడం కోసం ఆస్పత్రిలో చేరితే ఆ ఖర్చు ఇవ్వరు. నాన్నగారికి పాలసీ పుస్తకంలో ఆ పేజీ తీసి చూపించాను. కళ్ళద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివించుకున్నారు. "పరీక్షలు చేశారు నిజమే, మందు కూడా ఎక్కించారుగా!" అన్నారు. అంతే, మా జవాబుకి ప్రాణం అదే. చికిత్స జరిగిందా, లేదా? జరిగితే ఈ గుర్తు మాకు వర్తించదు.

అయితే వాళ్ళు గాల్లోంచి తీసిన కారణం కాదు. డిశ్చార్జ్ సమ్మరీ మొదటి వాక్యంలో "కళ్ళు తిరగడం, వాంతులు, కారణం తెలుసుకోవడానికి చేర్చుకున్నాం" అని డాక్టరుగారి సహాయకులెవరో రాశారు. సోడియం సంగతి రెండో పేజీలో అడుగున ఉంది. ఫైలు చూసినవాళ్ళు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయి ఉంటారు.

ఇలాంటప్పుడు కొందరు ఆస్పత్రికి వెళ్ళి సమ్మరీ మార్చి ఇమ్మంటారు. ఆ పని చేయొద్దు. పాత కాపీ అప్పటికే కంపెనీ దగ్గర ఉంది. కొత్తది వేరేలా ఉంటే లేనిపోని అనుమానం మొదలవుతుంది. మేం రెండు అడిగాం. ఒకటి, వైద్యం చేసిన డాక్టరుగారి దగ్గర విడిగా ఒక లెటరు: ఓపీలో ఎందుకు కుదరదో, ఏం మందు ఎక్కించారో రాసి సంతకం, సీలు. రెండోది కేస్ షీట్ కాపీ. అంటే నర్సులు గంటగంటకీ రాసే కాగితాలు, మందులిచ్చిన చార్టు. రోగి అడిగితే ఆ రికార్డులు 72 గంటల్లోపు ఇవ్వాలని వైద్యవృత్తి నియమాల్లోనే ఉంది. రికార్డుల సెక్షన్‌లో కాగితం మీద రాసిచ్చి, తేదీ వేయించుకున్నాం.

ఇక జవాబు. నాన్నగారు అప్పటికే తెల్లకాగితం మీద మొదలుపెట్టారు. "అయ్యా, ముప్పై ఏళ్ళు మచ్చలేకుండా సర్వీసు చేసినవాణ్ణి, ఏనాడూ ప్రీమియం ఆపలేదు, పెద్దవాణ్ణి, కరుణించి..." అని ఉంది. చదువుతుంటే నాకు బాధేసింది. కానీ అది చదివే మనిషికి అందులో పనికొచ్చేది ఒక్కటీ లేదు.

"కరుణ అడగొద్దు నాన్నగారూ. ఏ రోజు ఏం జరిగిందో రాద్దాం."

"అంత పొడిగా రాస్తే పొగరనుకోరూ?"

"అనుకోరు. చివర్లో కృతజ్ఞతలు పెడదాం."

నేను ఇంగ్లీషులో టైపు చేసినదానికి తెలుగు ఇది, మీకు అక్కరకొస్తుందని చదువుతున్నాను. "నా క్లెయింను Excl04 కింద తిరస్కరించారు. అది కేవలం పరీక్షల కోసం చేరినవారికి వర్తిస్తుంది. నేను చేరిన రాత్రి 11 గంటలకు సోడియం 116. 11.40కి 3 శాతం సెలైన్ ప్రారంభించారు. మర్నాడు 123, మూడోరోజు 129, డిశ్చార్జ్ నాటికి 133. ల్యాబ్ రిపోర్టులు, మందుల చార్టు, డాక్టర్ లెటరు జతచేశాను. క్లెయింను తిరిగి పరిశీలించండి. మళ్ళీ తిరస్కరిస్తే, పాలసీలో ఏ షరతు ప్రకారమో, మీ క్లెయిం రివ్యూ కమిటీ దాన్ని ఆమోదించిందో లేదో రాతపూర్వకంగా తెలపండి." ఆ చివరి వాక్యం ఊరికే పెట్టింది కాదు. కమిటీ ఆమోదం లేకుండా క్లెయిం తిరస్కరించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది.

అన్నట్టు, చాలామంది ఇక్కడ ఒకటి చూసుకోరు. వచ్చిన మెయిల్ కింద రిప్లై కొడతారు. పంపిన అడ్రసులో noreply అని ఉంటే మీ జవాబు ఎవరూ చదవరు. పాలసీ కాగితాల వెనక ఫిర్యాదుల అధికారి మెయిల్ ఉంటుంది, దానికి పంపాలి. సబ్జెక్టులో క్లెయిం నంబరు, పాలసీ నంబరు రెండూ పెట్టాలి.

పంపాక నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ హైదరాబాదులో ఉన్నారు. మన ఆంధ్రప్రదేశ్ కూడా ఆ ఆఫీసు కిందే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ చివరిగా కాదన్న ఏడాదిలోపు రాయాలి.

మాకు అంతదూరం పోవాల్సిన పని పడలేదు. ఇంకో కాగితం అడిగారు, పంపాం, డబ్బు పడింది. తోడున్న మా అమ్మ భోజనాల ఖర్చు మాత్రం కోసేశారు. నాన్నగారు దానిమీద కూడా లెటరు రాద్దామన్నారు. "రోగి భోజనానికే ఇస్తారు నాన్నగారూ, తోడున్నవాళ్ళకి ఇవ్వరు. అది నిజంగానే పాలసీలో ఉంది" అని ఆ పేజీ కూడా తీసి చూపించాల్సి వచ్చింది.

నమస్కారం.