లింకు తీసేసినా నిలబడే జవాబు: కోరా, రెడిట్‌లలో స్పామ్ అనిపించుకోకుండా కస్టమర్లను రప్పించడం

[తెర మీద: కోరా తెలుగులో ఒక ప్రశ్న. "కుండీలో కరివేపాకు మొక్క కొత్త ఆకులు పసుపుపచ్చగా మారిపోతున్నాయి. ఏం చేయాలి?"]

ఈ ప్రశ్న కింద మామూలుగా ఎలాంటి జవాబులు ఉంటాయో మీకు తెలుసు. "పుల్లటి మజ్జిగ పోయండి" అని నలుగురు రాస్తారు. "ఎండలో పెట్టండి" అని ఇద్దరు. ఆ మధ్యలో ఒకాయన వచ్చి, "మా దగ్గర ఆరోగ్యమైన కరివేపాకు మొక్కలు దొరుకుతాయి, ఈ లింకు చూడండి" అంటాడు. ఆ చివరి జవాబును రెండు రోజుల్లో ఎవరో ఒకరు రిపోర్ట్ చేస్తారు, అది మాయమవుతుంది.

ఆ చివరాయన అమ్మేవాడు కావడంలో తప్పేమీ లేదు. నిజానికి ఈ ప్రశ్నకు అందరికంటే బాగా జవాబు చెప్పగలిగినవాడు ఆయనే. కడియం పక్కన చిన్న నర్సరీ నడుపుతూ, కొత్తగా ఆన్‌లైన్‌లో మొక్కలు అమ్మడం మొదలుపెట్టిన మనిషి అనుకుందాం. ప్రకటనలకు డబ్బు లేదు, మొక్కల గురించి మాత్రం బోలెడు తెలుసు. ఆ తెలిసినదాన్ని జవాబుగా ఎలా రాయాలి, లింకు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అన్నది ఈ వీడియోలో చూద్దాం.

[తెర మీద: గూగుల్ సెర్చ్ పెట్టె]

ముందు ప్రశ్నను వెతకాలి. సైటు హోమ్ పేజీలో కనిపించిన ప్రతి ప్రశ్న మీదా పడితే టైమ్ వృథా. గూగుల్‌లో ఇలా కొట్టండి.

```
site:te.quora.com కరివేపాకు
```

ఆ సైటులో కరివేపాకు గురించి గూగుల్‌కు తెలిసిన పేజీలు వస్తాయి. తర్వాత site: భాగం తీసేసి, మామూలు మనిషి అడిగినట్టే "కరివేపాకు ఆకులు పచ్చబడుతున్నాయి" అని వెతకండి. రెండోసారి కూడా మొదటి పేజీలో కనిపించిన ప్రశ్న మీకు పనికొచ్చే ప్రశ్న. ఎందుకంటే అడిగినవాడు ఒక్కడే అయినా, వచ్చే ఏడాది ఇదే బాధతో గూగుల్‌లో వెతికేవాళ్లందరూ ఆ పేజీకే వస్తారు. మీరు రాసేది వాళ్ల కోసం.

"ఆన్‌లైన్‌లో మంచి నర్సరీ ఏది?" లాంటి ప్రశ్నలు కూడా కనిపిస్తాయి. చూడగానే చేయి దురద పెడుతుంది. నేనైతే మొదట్లో వాటి జోలికి పోవద్దంటాను. అక్కడ అమ్మేవాళ్లంతా ముందే గుమిగూడి ఉంటారు, మోడరేటర్ల కళ్లూ అక్కడే ఉంటాయి, కొత్త అకౌంట్ నుంచి వచ్చిన పొగడ్తను చదివేవాడు కూడా నమ్మడు.

[తెర మీద: రెండు ఆకుల ఫొటోలు పక్కపక్కనే. ఒకటి కొత్త ఆకు, పసుపుగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నది. ఇంకోటి అడుగున ఉన్న ముదురాకు, మొత్తం పసుపుగా ఉన్నది.]

ఇప్పుడు జవాబు. మన నర్సరీ ఆయనకు తెలిసింది, మిగతావాళ్లు చెప్పనిది ఏమిటో చూడండి. ప్రశ్నలో "కొత్త ఆకులు" అని ఉంది. అసలు కీలకం ఆ మాటలోనే ఉంది. అడుగు ఆకులు పచ్చబడితే నత్రజని చాలకపోవడమో, కుండీలో నీళ్లు నిలవడమో కారణం కావచ్చు. కొత్త చిగుళ్లు పచ్చబడి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే, అది చాలావరకు ఇనుప ధాతు లోపం. సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు రోజూ పోస్తుంటే, మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు.

అందుకని జవాబును ఆయన ఇలా రాస్తాడు.

"మీరు కొత్త ఆకులు అన్నారు. ఒకసారి దగ్గరగా చూడండి, ఈనెలు ఆకుపచ్చగానే ఉన్నాయా? ఉంటే అది చాలావరకు ఇనుప ధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. వారం తర్వాత ఇంకోసారి. బాగా పచ్చబడిన ఆకులు పూర్తిగా కోలుకోకపోవచ్చు, వాటిని చూసి కంగారుపడకండి. తర్వాత వచ్చే చిగురు ఆకుపచ్చగా వస్తే మందు పనిచేసినట్టే. బోరు నీళ్లు పోస్తుంటే వీలైనప్పుడు వాన నీళ్లు పట్టి పోయండి, లేకపోతే మళ్లీ ఇదే వస్తుంది. ఈనెలతో సహా ఆకు మొత్తం పచ్చబడితే ఇది పనిచేయదు, కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి. పిచికారీ చేసిన ఆకులను కూరలో వేసేముందు బాగా కడగండి."

ఇందులో లింకు లేదు, షాపు పేరు లేదు. అయినా చదివినవాడి పని అయిపోయింది. అన్నభేది ఎరువుల షాపులో అడిగితే దొరుకుతుంది, మన నర్సరీలోనే కొనాల్సిన పని లేదు. ఇక్కడ ఇంకోటి గమనించండి. ఏ సందర్భంలో ఈ మందు పనిచేయదో కూడా ఆయన చెప్పాడు. అమ్మడానికి వచ్చినవాడు ఆ మాట అనడు. చదివేవాళ్లకు నమ్మకం కుదిరేది అక్కడే.

[తెర మీద: అదే జవాబు, చివర రెండు లైన్లు చేరుతాయి]

మరి లింకు? పెట్టొచ్చు, కానీ ఒక పరీక్ష ఉంది. లింకు తీసేసినా జవాబు పూర్తిగా ఉండాలి, లింకు వల్ల జవాబులో పట్టని సంగతి ఏదో ఒకటి అదనంగా దొరకాలి. ఇక్కడైతే ఫొటోలు. ఏ లోపానికి ఆకు ఎలా మారుతుందో పది ఫొటోలు పక్కపక్కన పెట్టిన పేజీ ఆయన సైటులో ఉంటే, దానికి లింకు ఇవ్వడం న్యాయమే. జవాబు చివర ఇలా రాస్తే చాలు: "నేను కడియం దగ్గర నర్సరీ నడుపుతాను. ఏ లోపానికి ఆకు ఎలా కనిపిస్తుందో ఫొటోలు మా సైటులో పెట్టాను, మీ ఆకుతో పోల్చి చూసుకోండి."

ఆ "నేను నర్సరీ నడుపుతాను" అనే ముక్కను దాచొద్దు. కోరా లాగే ప్రశ్నలు, జవాబులు నడిచే స్టాక్ ఎక్స్‌ఛేంజ్, అంటే Stack Exchange సైట్లలో అది మర్యాద మాత్రమే కాదు, రూలు. మీ సొంత సైటుకో వస్తువుకో లింకు ఇస్తే, మీకూ దానికీ ఉన్న సంబంధాన్ని ఆ జవాబులోనే చెప్పాలి. మీ జవాబుల్లో కొన్నింటిలో మాత్రమే మీ సైటు ప్రస్తావన ఉండాలి, అన్నింటిలో ఉంటే స్పామ్ కిందే లెక్క. రెడిట్‌లో చాలా కాలంగా నలుగుతున్న లెక్క పదికి ఒకటి, అంటే పది పోస్టుల్లో సొంతది ఒకటి మించకూడదని. రెడిట్‌లో ఒక్కో విషయానికి ఉండే గుంపును సబ్‌రెడిట్ అంటారు. ఏ సబ్‌రెడిట్‌కు ఆ సబ్‌రెడిట్ రూల్స్ ఉంటాయి, పక్కన రాసి ఉంటాయి, అవి చదవండి. సొంత లింకులు అసలే వద్దన్న చోట లింకు లేకుండా రాయండి, మీ ప్రొఫైల్‌లో ఎలాగూ నర్సరీ సంగతి ఉంటుంది.

లింకు హోమ్ పేజీకి ఇవ్వొద్దు, ఆ ఫొటోల పేజీకే ఇవ్వండి. పేజీ తెరవగానే "10 శాతం డిస్కౌంట్" అని పెట్టె ఎగిరి మీద పడితే, జవాబుతో సంపాదించిన నమ్మకం అక్కడే పోతుంది. పొట్టి లింకుల సర్వీసులు కూడా వాడొద్దు. వాటిని రెడిట్ ఫిల్టర్లు పట్టేస్తాయి, మనుషులకూ అనుమానమే.

[తెర మీద: కోడ్]

చాలామంది ఎస్‌ఈఓ వాళ్లు చెప్పే మాట ఒకటుంది, ఇలాంటి సైట్లలో లింకులు పెడితే గూగుల్ ర్యాంకు పెరుగుతుందని. ఆ ఆశతో వందల లింకులు పెట్టేవాళ్ల వల్లే ఈ సైట్లు ఇంత కఠినమయ్యాయి. ఏదైనా లింకు మీద రైట్ క్లిక్ చేసి, Inspect నొక్కి చూడండి. చాలాచోట్ల ఇలా ఉంటుంది.

```
<a href="..." rel="nofollow ugc">
```

nofollow అనేది 2005లో కామెంట్ స్పామ్‌ను ఆపడానికి గూగుల్ తెచ్చింది. జనం రాసిన లింకుల కోసం ugc అనే గుర్తు 2019లో వచ్చింది. "ఈ లింకుకు నేను పూచీ కాదు" అని సైటు గూగుల్‌కు చెప్పుకోవడం అన్నమాట. ర్యాంకు మీద ఆశ వదులుకోండి. ఆ లింకు వల్ల లాభం దాన్ని నొక్కి వచ్చే మనిషే.

ఆ మనిషి వచ్చాడో లేదో ఎలా తెలుస్తుంది? లింకు చివర ఈ తోక తగిలించండి.

```
?utm_source=quora&utm_medium=answer&utm_campaign=karivepaku
```

గూగుల్ అనలిటిక్స్‌లో Traffic acquisition రిపోర్టు తెరిచి, Session source / medium ఎంచుకుంటే quora / answer అని విడిగా కనిపిస్తుంది. ఈ తోక లేకపోతే ఫోన్ యాప్‌ల నుంచి వచ్చినవాళ్లలో చాలామంది (direct) / (none) లో కలిసిపోతారు, మీరేమో ఎవరూ రాలేదనుకుంటారు. ఎంతమంది వచ్చారన్న లెక్క కంటే, వచ్చినవాళ్లు రెండో పేజీ చూశారా, వాట్సాప్‌లో ఏమైనా అడిగారా అన్నది చూడండి. మొదటి వారంలో పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. గూగుల్ నుంచి వచ్చే జనం మెల్లగా, నెలల తరబడి వస్తారు.

[తెర మీద: ఒకే రెడిట్ పేజీ, రెండు కిటికీల్లో. ఒకదానిలో కామెంట్ ఉంది, ఇంకోదానిలో లేదు.]

ఇది జాగ్రత్తగా చూడండి. రెడిట్‌లో కొత్త అకౌంట్ల కామెంట్లను ఆటోమోడరేటర్ చాలాసార్లు చప్పుడు చేయకుండా తీసేస్తుంది. మీకు మాత్రం మీ కామెంట్ కనిపిస్తూనే ఉంటుంది. ఎవరూ స్పందించడం లేదని మీరు ఇంకో నాలుగు రాస్తారు, అవీ పోతాయి. కాబట్టి రాసిన గంట తర్వాత ఇన్‌కాగ్నిటో కిటికీలో, లాగిన్ కాకుండా అదే పేజీ తెరవండి. మీ కామెంట్ అక్కడ లేకపోతే ఫిల్టర్‌లో పడిందన్నమాట. మీ ప్రొఫైల్ పేజీయే తెరుచుకోకపోతే వ్యవహారం ఇంకా పెద్దది, అకౌంట్ మొత్తాన్నీ దాచేశారేమో. మళ్లీ మళ్లీ పోస్ట్ చేయొద్దు. కామెంట్ ఒక్కటే పోతే ఆ సబ్‌రెడిట్ మోడరేటర్లకు మెసేజ్ పెట్టి, ఏ రూలు తప్పిందో అడగండి. చాలామంది మర్యాదగానే చెబుతారు.

ఇంకో అకౌంట్ తెరిచి మీరే ప్రశ్న అడిగి, మీరే జవాబిచ్చి, మీరే ఓటేసుకోవడం మాత్రం వద్దు. దొరికితే రెండూ పోతాయి. స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌లో ఆ అవసరమే లేదు, సొంత ప్రశ్నకు సొంత పేరుతోనే జవాబు రాసే వీలుంది.

[తెర మీద: ఇంకో ప్రశ్న. "డల్లాస్‌లో ఉంటాం. చలికాలం రాగానే కరివేపాకు మొత్తం రాలిపోయింది. మొక్క చచ్చిపోయిందా?"]

ఈ ప్రశ్నకు మన నర్సరీ ఆయన జవాబు చెప్పాలా? అమెరికాకు మొక్క పంపలేడు. నిమ్మజాతి తోటలను దెబ్బతీసే సిట్రస్ సిల్లా పురుగు కరివేపాకు మీద బతుకుతుంది కాబట్టి, టెక్సస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియాల్లో ఆ పురుగు ఉన్నచోట్ల నుంచి ఈ మొక్కను బయటకు తరలించడం మీద కూడా ఆంక్షలున్నాయి. అంటే ఒక్క రూపాయి వ్యాపారం లేదు.

అయినా రాయమంటాను. "చచ్చిపోయి ఉండకపోవచ్చు. కొమ్మను గోటితో కొంచెం గీకండి, లోపల ఆకుపచ్చగా ఉంటే బతికే ఉంది. రాత్రి చలి 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగకముందే కుండీని ఇంట్లోకి తెచ్చి, వెలుతురు పడే కిటికీ దగ్గర పెట్టాలి. నీళ్లు బాగా తగ్గించండి, వసంతంలో చిగురు వచ్చేదాకా ఎరువు వేయొద్దు. కొత్త మొక్క కావాలంటే మీ ఊళ్లోని నర్సరీలోనే అడగండి, వేరే రాష్ట్రం నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవద్దు." ఇక్కడ లింకు ఇవ్వడు. తర్వాత ఎవరైనా ఆయన ప్రొఫైల్ తెరిస్తే, అమ్ముకోవడానికి ఏమీ లేనిచోట కూడా రాసిన జవాబులు కనిపిస్తాయి. లింకు ఉన్న ఆ ఒక్క జవాబును మోడరేటర్ తూకం వేసేది వీటిని పక్కన పెట్టుకునే. పైగా డల్లాస్‌లో అడిగినావిడ అమ్మానాన్నలు విజయవాడలో ఉండొచ్చు, వాళ్ల మేడ మీదా కుండీలు ఉండొచ్చు.

రాసిన జవాబులను ఆరు నెలలకోసారి తెరిచి చూడండి. కింద కామెంట్లలో ఎవరైనా "నేను పిచికారీ చేశాను, ఆకు కొసలు మాడాయి" అని రాస్తే, మందు ఎంత కలిపారు, ఏ వేళ కొట్టారు అని అడగండి. మిట్టమధ్యాహ్నం ఎండలో కొట్టామంటే, సాయంత్రమే ఎందుకు కొట్టాలో జవాబులో ఇంకో లైను చేర్చండి.